పది కిలోబైట్ల ఘోస్ట్

అందరికీ నమస్కారం. ఈ రోజు నేను ఒక చిన్న ఫైల్ గురించి మాట్లాడబోతున్నాను. దాని సైజు ఎంత పెరిగినా 10,240 బైట్లు దాటదు, అంటే సరిగ్గా 10 కిలోబైట్లు. మీ ఫోన్‌లో ఒక ఫోటోకి పట్టే చోటులో ఇలాంటివి వందల కొద్దీ పడతాయి. కానీ ఆ ఫైల్లో ఒక మనిషి మొదటి సెకను నుంచి చివరి సెకను దాకా నడిపిన రేసు మొత్తం ఉంటుంది. అది 2008లో వచ్చిన మారియో కార్ట్ వీ అనే ఆటలోని ఘోస్ట్ ఫైల్.

టైమ్ ట్రయల్ ఆడని వాళ్ళ కోసం రెండు మాటలు చెబుతాను. టైమ్ ట్రయల్‌లో పోటీదారులు ఉండరు. ట్రాక్ మీద మీరొక్కరే, పోటీ గడియారంతోనే. మీరు మంచి టైమ్ సాధిస్తే ఆట ఆ పరుగును దాచిపెడుతుంది. మళ్ళీ ఆడేటప్పుడు మీ పాత పరుగు మీ పక్కనే పాక్షికంగా పారదర్శకమైన బండిలా వస్తుంది. దాన్నే ఘోస్ట్ అంటాం. దాన్ని గుద్దలేం, అది మనల్ని గుద్దదు. మీ ఘోస్ట్‌ను స్నేహితుడికి పంపొచ్చు, వాడి ఘోస్ట్‌తో మీరు పోటీ పడొచ్చు.

ఇంతకీ ఆ ఫైల్లో ఏముంది? నేను ఈ ప్రశ్న ఎవరిని అడిగినా రెండు జవాబులు వస్తాయి. కొందరు వీడియో అంటారు. కొంచెం ప్రోగ్రామింగ్ తెలిసిన వాళ్ళు, బండి ఏ క్షణంలో ఎక్కడుందో ఆ స్థానాలన్నీ రాసి పెడతారంటారు. ఈ రెండో జవాబును లెక్క వేసి చూద్దాం. ఆట సెకనుకు 60 ఫ్రేములు నడుస్తుంది. రెండు నిమిషాల రేసుకి 7,200 ఫ్రేములు. బండి స్థానానికి మూడు సంఖ్యలు కావాలి, అది ఏ వైపు తిరిగి ఉందో చెప్పడానికి మామూలుగా ఇంకో నాలుగు. సంఖ్యకు 4 బైట్ల చొప్పున మొత్తం 28 బైట్లు. 7,200ను 28తో గుణిస్తే 2,01,600. అంటే దాదాపు 200 కిలోబైట్లు. మనకున్నది 10 కిలోబైట్లే.

మారియో కార్ట్ వీ ఫైల్లో బండి స్థానం ఎక్కడా ఉండదు. అందులో ఉన్నది ఆటగాడి వేళ్ళు. ఏ బటన్ ఎన్ని ఫ్రేముల పాటు నొక్కి ఉంచాడు, స్టిక్‌ను ఎటు ఎంతసేపు వంచాడు, ఇంతే. ఆ నొక్కుళ్ళనే మళ్ళీ ఒక బండికి అందిస్తే, ఆట తన భౌతిక నియమాల ప్రకారం ఆ బండిని మొదటి నుంచి మళ్ళీ నడుపుతుంది. కాబట్టి మీ పక్కన వచ్చే ఘోస్ట్ ఒక పాత బొమ్మ కాదు. అది ఆ క్షణాన నిజంగా నడుస్తున్న బండి. డ్రైవర్ మాత్రం నిన్నటి వాడు.

ఫైల్ తెరిచి చూస్తే మొదటి నాలుగు అక్షరాలు `RKGD`. ఆ తర్వాత 136 బైట్ల దాకా ఫైల్ వివరాలు: మొత్తం టైమ్, ఏ ట్రాక్, ఏ బండి, ఏ పాత్ర, ఏ తేదీ, ల్యాప్ టైములు, ఏ రకం కంట్రోలర్, ఆటగాడి ముఖం బొమ్మ. దాని తర్వాతే అసలు సరుకు. అందులో మూడు వరుసలుంటాయి. ఒకటి బటన్లది, ఒకటి స్టిక్‌ది, ఒకటి గాల్లో చేసే ట్రిక్కులది. మొదటి రెండు వరుసల్లో ఒక్కో నమోదుకీ రెండే బైట్లు. మొదటి బైట్ ఏం నొక్కాడో చెబుతుంది, రెండోది ఎన్ని ఫ్రేములో చెబుతుంది. నేను చేత్తో రాసిన చిన్న ఉదాహరణ చూడండి:

```
01 FF
01 2D
05 03
01 78
```

ఇవి హెక్స్ అంకెలు, అంటే పదికి బదులు పదహారు ఆధారంగా రాసే సంఖ్యలు. `01` అంటే యాక్సిలరేటర్ ఒక్కటే. `FF` అంటే 255 ఫ్రేములు. రెండో వరుసలోనూ యాక్సిలరేటరే, ఇంకో 45 ఫ్రేములు. ఒక బైట్‌లో 255 కన్నా పెద్ద సంఖ్య పట్టదు కాబట్టే ఒకే నొక్కుడు రెండు నమోదులైంది. రెండూ కలిపితే 300 ఫ్రేములు, అంటే 5 సెకన్లు. మూడో వరుసలో `05`, అంటే యాక్సిలరేటర్‌తో పాటు ఐటమ్ బటన్, 3 ఫ్రేములు. అక్కడ ఆటగాడు పుట్టగొడుగు వాడాడన్నమాట. టైమ్ ట్రయల్‌లో మూడు పుట్టగొడుగులు ఇస్తారు, అవి వేగం పెంచుతాయి. ఆ తర్వాత మళ్ళీ యాక్సిలరేటర్ ఒక్కటే, 120 ఫ్రేములు, అంటే 2 సెకన్లు. ఏడు సెకన్లకు పైగా జరిగిన పని ఎనిమిది బైట్లలో సరిపోయింది.

రెండు నిమిషాలూ యాక్సిలరేటర్ వదలకుండా నొక్కారనుకోండి. 7,200 ఫ్రేములకు 29 నమోదులు చాలు, 58 బైట్లు. చోటు తినేది స్టిక్ వరుస. స్టిక్ అడ్డంగా 15 స్థానాల్లో ఏదో ఒకదానిలో ఉంటుంది, 0 నుంచి 14 దాకా. 7 అంటే మధ్యలో ఉన్నట్టు. నిలువుగానూ అంతే. రెండూ కలిపి ఒకే బైట్‌లో పెట్టారు. `77` అంటే స్టిక్ ముట్టుకోలేదు, `E7` అంటే పూర్తిగా కుడికి వంచాడు. వేలు కొంచెం కదిలినా కొత్త నమోదు పుడుతుంది. రేసులో 1,500 సార్లు కదిలిందనుకున్నా 3,000 బైట్లే. దాన్ని కూడా `Yaz1` అనే పద్ధతితో కుదించి దాస్తారు. 10 కిలోబైట్లలో ఎలా పట్టిందో ఇప్పుడు తెలిసిందిగా.

ఈ పద్ధతి కొత్తది కూడా కాదు. 1996 నాటి మారియో కార్ట్ 64లోనూ బటన్లు, స్టిక్ దాచేవారు. అప్పట్లో కంట్రోలర్ వెనక తగిలించే మెమరీ కార్డు మొత్తం 32 కిలోబైట్లు. వాడుకోవడానికి 123 పేజీలుండేవి. ఆ ఆట రెండు ఘోస్ట్‌ల కోసం అందులో 121 పేజీలు తీసేసుకునేది. ఇంకో ఆట సేవ్ చేసుకోవడానికి రెండే పేజీలు మిగిలేవి. వేళ్ళను మాత్రమే దాచినా అంత ఇరుకు. ఇక స్థానాలన్నీ దాచే ప్రశ్నే లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వేళ్ళను మాత్రమే దాస్తే ఒక షరతు ఉంది. ఆ వేళ్ళు కదిలిన లోకం అచ్చంగా అలాగే ఉండాలి. మొదటిసారి ఏది ఎలా జరిగిందో రెండోసారీ చివరి బిట్ దాకా అలాగే జరగాలి. దీన్ని డిటర్మినిజం అంటాం. వినడానికి సులువుగా ఉంటుంది కానీ మూడు చోట్ల దెబ్బతింటుంది.

మొదటిది యాదృచ్ఛికత. మూ మూ మెడోస్ అనే ట్రాక్‌లో ఆవులు దారికి అడ్డంగా తిరుగుతుంటాయి. మీ రికార్డు రోజు ఆవు ఎడమకు నడిచి, ఈ రోజు కుడికి నడిస్తే, మీ ఘోస్ట్ నేరుగా ఆవును గుద్దుతుంది. దానికి కళ్ళు లేవు కదా, నిన్నటి వేళ్ళే ఉన్నాయి. అందుకని టైమ్ ట్రయల్‌లో యాదృచ్ఛిక సంఖ్యల లెక్కను ప్రతిసారీ ఒకే అంకెతో మొదలుపెడతారు. దాంతో ఎన్నిసార్లు ఆడినా ఆవులు అవే అడుగులు వేస్తాయి. దారిలో ఐటమ్ పెట్టెలు లేకుండా మూడు పుట్టగొడుగులు ముందే చేతికి ఇవ్వడం పోటీ న్యాయంగా ఉండటానికే కాదు, దీనికీ పనికొస్తుంది. ఏ ఐటమ్ వస్తుందో అనే లాటరీయే ఉండదు.

రెండోది కాలం. ఇది నాకు అనుభవమైంది కాబట్టి వివరంగా చెబుతాను. కొన్నేళ్ళ కిందట మేము ముగ్గురం కలిసి ఫోన్ కోసం ఒక చిన్న కార్ల ఆట రాశాం. ఘోస్ట్‌ల కోసం నొక్కుళ్ళు మాత్రమే దాచాం. నా ఫోన్‌లో రికార్డు చేసి నా ఫోన్‌లోనే చూస్తే ఒక్కోసారి సరిగ్గా వచ్చేది, ఒక్కోసారి మూడో మలుపులో గోడకు కొట్టుకునేది. రెండు వారాలు వెతికాం. చివరికి తేలింది ఏమిటంటే, గత ఫ్రేమ్ గీయడానికి ఎంత సమయం పట్టిందో చూసి, కారును అంత దూరం ముందుకు జరుపుతున్నాం. ఫ్రేమ్ 16 మిల్లీసెకన్లు పడితే కొంచెం, 19 పడితే ఇంకొంచెం. ఫోన్ వేడెక్కితే ఆ అంకె మారుతుంది. మెసేజ్ వచ్చినా మారుతుంది. అంటే నొక్కుళ్ళు అవే, కానీ వాటి మధ్య కాలం ముక్కలు వేరు. దీనికి మందు ఒక్కటే. బొమ్మ గీయడం ఎంత ఆలస్యమైనా సరే, భౌతిక లెక్క మాత్రం ఎప్పుడూ ఒకే కొలత అడుగులతో నడవాలి, సెకనులో అరవయ్యో వంతు చొప్పున. ఆ మార్పు చేసిన రోజు ఘోస్ట్ మొదటి నుంచి చివరి దాకా దారి తప్పకుండా వచ్చింది. నాకు ఆ సాయంత్రం ఇంకా గుర్తుంది.

మూడోది దశాంశ లెక్కలు. ఇదే అన్నిటికన్నా లోతైనది. కంప్యూటర్ దశాంశ సంఖ్యల్ని పూర్తిగా దాచలేదు, చివర్లో ఎక్కడో ఒకచోట కత్తిరించాలి. ఎక్కడ ఎలా కత్తిరిస్తుందో ప్రాసెసర్‌ను బట్టి మారొచ్చు. దీనికి చక్కని ఉదాహరణ డాల్ఫిన్ ఎమ్యులేటర్, అంటే వీ కన్సోల్ ఆటల్ని మామూలు కంప్యూటర్‌లో నడిపే సాఫ్ట్‌వేర్. అందులో మారియో కార్ట్ వీ చాలా బాగా ఆడేది. మీరు ఆడితే ఏ తేడా తెలిసేది కాదు. కానీ అసలు కన్సోల్‌లో రికార్డైన ఘోస్ట్‌ను పెడితే అది కొంతదూరం వెళ్ళి దారి తప్పేది. ఎఫ్-జీరో జీఎక్స్ అనే ఇంకో రేసింగ్ ఆటలోనూ ఇదే సమస్య. కారణం వెతికితే ప్రాసెసర్ గుణకారంలో దొరికింది. వీ ప్రాసెసర్ ఒక రకం గుణకారం చేసేటప్పుడు రెండు సంఖ్యల్లో ఒకదాన్ని గుణించే ముందే 25 బిట్లకు సవరిస్తుంది. మన కంప్యూటర్లు అలా చేయవు. అవి ఇంకా ఖచ్చితంగా గుణిస్తాయి. అంత ఖచ్చితత్వమే ఇక్కడ తప్పైంది. కన్సోల్ చేసే సవరింపును కూడా అనుకరించాకే ఘోస్ట్‌లు దారిలోకి వచ్చాయి.

గుణకారంలో ఎక్కడో చివరి బిట్ మారితే బండి గోడకు ఎందుకు కొట్టుకోవాలని మీరు అడగొచ్చు. తిన్నని రోడ్డు మీద ఆ తేడా కంటికి కనిపించనంత చిన్నగానే ఉంటుంది. వెంట్రుకవాసి కూడా కాదు. కానీ ట్రాక్‌లో అవును, కాదు అని తేల్చే చోట్లుంటాయి. చక్రం గడ్డిని తాకిందా లేదా? వేగం పెంచే పట్టీ అంచు మీదుగా వెళ్ళిందా, పక్కనుంచా? గోడ మూలను రాసుకుందా? అక్కడ వెంట్రుకవాసి తేడా చాలు, ఒక బండికి అవును, ఇంకో బండికి కాదు. ఆ క్షణం నుంచి రెండు బండ్ల వేగమే మారిపోతుంది. అర సెకను వెనకబడిన బండి మలుపు రాకముందే స్టిక్ కుడికి వంగుతుంది. గోడను గుద్దుతుంది. గుద్దాక మనిషైతే సర్దుకుంటాడు. నిన్నటి వేళ్ళు సర్దుకోలేవు, అవి గోడ వైపే యాక్సిలరేటర్ నొక్కుతూ ఉంటాయి.

ఘోస్ట్ ఇలా తప్పిందని ఎలా గుర్తుపట్టాలి? గోడను నెట్టుతూ నిలబడితే ఎవరికైనా తెలుస్తుంది. అంత దాకా ఆగక్కర్లేదు. మలుపు లేని చోట స్టిక్ తిరగడం, ఎగరని చోట ట్రిక్కు ప్రయత్నించడం ముందే కనిపిస్తాయి. అన్నిటికన్నా నమ్మదగినది ల్యాప్ టైములు. ఫైల్ మొదట్లో ల్యాప్ టైములు రాసి ఉంటాయని చెప్పాను కదా. నడుస్తున్న ఘోస్ట్ గీత దాటిన టైమ్‌ను వాటితో పోల్చాలి. మొదటి ల్యాప్ సరిపోయి రెండోది ఒక్క మిల్లీసెకను తేడా వచ్చినా, తప్పు రెండో ల్యాప్‌లో జరిగిందని తేలిపోతుంది. ఫైలే పాడైతే అది వేరే సంగతి. ఇందాకటి ఉదాహరణలో `05 03` కాస్తా `05 04` అయిందనుకోండి. అప్పటి నుంచి బటన్ల వరుస మొత్తం ఒక ఫ్రేమ్ వెనక, స్టిక్ వరుస మాత్రం సరైన చోట. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో ఒక ఫ్రేమ్ అంటే దాదాపు 40 సెంటీమీటర్లు. ఇలాంటిది పట్టుకోవడానికే ఫైల్ చివరి నాలుగు బైట్లలో CRC32 అనే సరిచూపు సంఖ్య ఉంటుంది. అది సరిపోకపోతే ఆట ఆ ఫైల్‌ను ముట్టుకోదు.

ఇన్ని ఇబ్బందులున్నప్పుడు స్థానాలే దాచుకోవచ్చు కదా అంటే, దాచుకుంటారు. ఇప్పుడు చోటుకు కరువు లేదు. అప్‌డేట్ వచ్చి బండి బరువు కొంచెం మారినా స్థానాల ఘోస్ట్ చెక్కుచెదరదు, ఎందుకంటే అది లెక్క వేయదు, ఉన్న చుక్కల్ని కలుపుకుంటూ పోతుంది. ప్రతి ఫ్రేమూ దాచక్కర్లేదు, సెకనుకు 10 చుక్కలు దాచి మధ్యలో గీత కలుపుతారు. గంటకు 180 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 50 మీటర్లు, చుక్కకీ చుక్కకీ మధ్య 5 మీటర్లు. 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో ఆ గీత అసలు దారి కన్నా 6 సెంటీమీటర్లు లోపలికి పోతుంది. ఎవరికీ కనిపించదు. అదే సెకనుకు ఒక్క చుక్కే పెడితే 6 మీటర్లు లోపలికి పోతుంది, ఘోస్ట్ గడ్డిలోంచి నడుస్తుంది. ఈ పద్ధతి లోపం వేరే చోట ఉంది. గోడకు తగిలి వెనక్కి రావడం లాంటివి రెండు చుక్కల మధ్య జరిగితే మాయమైపోతాయి. ఇంకా ముఖ్యంగా, ఎక్కడుందో తెలుస్తుంది కానీ అక్కడికి ఎలా చేరిందో తెలియదు.

ఆ రెండో మాట రికార్డుల దగ్గర చాలా బరువైనది. స్థానాల ఫైల్‌ను ఎవరైనా కూర్చుని రాసుకోవచ్చు, బండికి సాధ్యం కాని దారినైనా గీయొచ్చు. వేళ్ళ ఫైల్‌ను అలా రాయలేరు. ఫైల్ మొదట్లోని టైమ్‌ను దిద్దొచ్చు, CRC32 కొత్తగా లెక్క వేసి పెట్టొచ్చు, అదేమీ తాళం కాదు. కానీ ఆ వేళ్ళతో ఆటను మళ్ళీ నడిపితే బండి ఎప్పుడు గీత దాటుతుందో అదే దాని టైమ్. ట్రాక్‌మేనియా ఆటలో రీప్లే ఫైళ్ళలో స్థానాలతో పాటు నొక్కుళ్ళు కూడా ఉండేవి. 2021లో ఆటగాళ్ళే కొందరు ఆ నొక్కుళ్ళను బయటికి తీసి పరిశీలించారు. కొన్ని పాత రికార్డుల్లో స్టీరింగ్ సెకనులో ఎన్నిసార్లు ఎటు మారిందో చూస్తే, మామూలు వేగంలో ఆడే మనిషి వేళ్ళు అలా కదలవని తేలింది. ఆటను నెమ్మదిగా నడిపించి, తీరిగ్గా తిప్పుతూ ఆడారు. బండి దారి మాత్రమే దాచి ఉంటే ఆ సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు. అందుకే నన్నడిగితే, రెండూ దాచాలి. చూపించడానికి స్థానాలు, సరిచూడటానికి వేళ్ళు.

ముందు వరుసలోంచి ఒక తమ్ముడు అడుగుతున్నాడు: ఫ్రేమ్ అంటే 16.7 మిల్లీసెకన్లు కదా, మరి మారియో కార్ట్ టైములు మిల్లీసెకన్లలో ఎలా వస్తాయి అని. మంచి ప్రశ్న. బండి గీత దాటిన ఫ్రేమ్‌లో ఆట రెండు స్థానాలు చూస్తుంది, గీతకు ముందు ఎంత దూరంలో ఉంది, దాటాక ఎంత దూరంలో ఉంది. ముందు 10 సెంటీమీటర్లు, తర్వాత 30 అనుకోండి. మొత్తం 40లో 10, అంటే ఆ ఫ్రేమ్‌లో నాలుగో వంతు గడిచాక దాటింది. కాబట్టి ముందు ఫ్రేమ్ టైముకి సుమారు 4 మిల్లీసెకన్లు కలుపుతుంది. ఇద్దరూ ఒకే ఫ్రేమ్‌లో దాటినా టైములు వేరుగా రావడానికి కారణం ఇదే. ఘోస్ట్‌ను మళ్ళీ నడిపినప్పుడు ఆ 10, 30 కూడా మళ్ళీ అవే వస్తాయి.